కొంత సరుకు వెనక్కి వెళ్లినప్పుడు: డెబిట్ నోట్ ఎవరిది, పన్ను తగ్గించేది ఏది?

కొన్న సరుకు మొత్తం వెనక్కి పంపేస్తే లెక్కలో పెద్ద చిక్కేమీ ఉండదు. కొంత ఉంచుకుని కొంత తిప్పి పంపినప్పుడే పేచీ మొదలవుతుంది. ఇన్వాయిస్ ఒకటే ఉంటుంది, దాని మీద డిస్కౌంట్ ఉంటుంది, రవాణా ఖర్చు ఉంటుంది, జీఎస్టీ మొత్తం సరుకు మీద పడి ఉంటుంది. అందులోంచి తిరస్కరించిన భాగానికి ఎంత విడదీయాలి, ఆ భాగం మీద తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను, అంటే ఐటీసీని, ఏ నెలలో, ఏ పత్రం ఆధారంగా వదులుకోవాలి అన్నది తేల్చుకోవాలి. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు పన్నును రివర్స్ చేయకపోవడం ఒక్కటే కాదు, రెండుసార్లు రివర్స్ చేయడం కూడా.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. కొనుగోలుదారు జారీ చేసే డెబిట్ నోట్‌కు జీఎస్టీ చట్టంలో పన్నును తగ్గించే శక్తి లేదు. సీజీఎస్టీ చట్టం 34వ సెక్షన్ ప్రకారం సరుకు తిరిగి వచ్చినప్పుడు క్రెడిట్ నోట్ ఇవ్వాల్సింది సరఫరాదారు. అదే సెక్షన్‌లో డెబిట్ నోట్ అన్న మాట కూడా ఉంది కానీ అది కూడా సరఫరాదారు ఇచ్చేదే. మొదటి ఇన్వాయిస్‌లో పన్ను తక్కువ వేసినప్పుడు, ఆ తేడా వసూలు చేయడానికి ఇచ్చేది అది. మనం సరుకు వెనక్కి పంపుతూ రాసే డెబిట్ నోట్ మన పుస్తకాల్లో సరఫరాదారు ఖాతాను తగ్గించే పత్రం, ఆయనకు మనం పంపే లెక్క. అది అవసరమే, కానీ పోర్టల్ మీద పన్ను కదలాలంటే ఆయన క్రెడిట్ నోట్ రావాలి. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దారిలో పడుతుంది.

లెక్క: 500 బేరింగులు, 60 తిరస్కరణ

ఒకే రాష్ట్రంలోని సరఫరాదారు నుంచి 500 బాల్ బేరింగులు కొన్నారనుకుందాం. ఒక్కొక్కటి 250 రూపాయలు, అంటే 1,25,000. దాని మీద 4 శాతం ట్రేడ్ డిస్కౌంట్ 5,000 పోగా 1,20,000. ఇన్వాయిస్‌లోనే రవాణా ఖర్చు 2,500 కలిపారు. పన్ను పడే విలువ 1,22,500. 18 శాతం చొప్పున సీజీఎస్టీ 11,025, ఎస్జీఎస్టీ 11,025. ఇన్వాయిస్ మొత్తం 1,44,550. ఇన్వాయిస్ తేదీ 2025 నవంబర్ 24, సరుకు చేరింది 27న. తనిఖీలో 60 బేరింగుల లోపలి వ్యాసం కొలత తప్పింది. 29న రిజెక్షన్ మెమో, డెబిట్ నోట్ రాశారు. డిసెంబర్ 2న సరుకు వెనక్కి పంపారు.

మొదటి చిక్కు స్టోర్ దగ్గరే వస్తుంది. 440 మాత్రమే బాగున్నాయి కదా అని కొనుగోలును 440కే ఎంట్రీ చేసేస్తారు. ఇది సులువుగా కనిపిస్తుంది కానీ సరఫరాదారు తన అమ్మకాల రిటర్న్ అయిన GSTR-1లో 500కూ చూపించాడు. దాని ఆధారంగా పోర్టల్ తయారు చేసే మన క్రెడిట్ స్టేట్‌మెంట్ GSTR-2Bలో పన్ను 22,050 అని వస్తుంది, మన పుస్తకాల్లో 19,458 మాత్రమే ఉంటుంది. తర్వాత క్రెడిట్ నోట్ వస్తే దానికి జోడీగా మన పుస్తకాల్లో ఏ ఎంట్రీ ఉండదు. అందుకే ఇన్వాయిస్‌ను ఉన్నది ఉన్నట్టు 500కు నమోదు చేయాలి. తిరస్కరణను విడిగా డెబిట్ నోట్‌తో చూపాలి. స్టోర్ రిజిస్టర్‌లో కూడా వచ్చినవి 500, అంగీకరించినవి 440, తిరస్కరించినవి 60 అని మూడు అంకెలూ ఉండాలి.

రెండో చిక్కు ధర. 60 బేరింగులకు డెబిట్ నోట్ ఎంతకు రాయాలి? 250 చొప్పున 15,000 అని రాస్తే అది తప్పు. మనం చెల్లించేది డిస్కౌంట్ పోయిన ధర, 240. కాబట్టి 14,400, దాని మీద సీజీఎస్టీ 1,296, ఎస్జీఎస్టీ 1,296, మొత్తం 16,992. 250 ధరతో వేస్తే 17,700 అవుతుంది. సరఫరాదారు 16,992కే క్రెడిట్ నోట్ ఇస్తాడు, 708 రూపాయలు రెండు ఖాతాల మధ్య ఏడాది చివరిదాకా వేలాడుతూ ఉంటాయి. ఇన్వాయిస్‌లో డిస్కౌంట్ అడుగున ఒకే మొత్తంగా ఇచ్చినప్పుడు ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ఐటెమ్ రేటును 250గానే చూపిస్తుంది.

రవాణా ఖర్చు సంగతి ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. 2,500లో 60 బేరింగుల వాటా 300, దాని మీద పన్ను 54. సరుకు లోపం సరఫరాదారుదే కాబట్టి ఇది కూడా అడగడం న్యాయమే, కానీ ఆయన ఒప్పుకోకుండా మనం ఏకపక్షంగా డెబిట్ చేస్తే ఆయన క్రెడిట్ నోట్‌తో అంకె కలవదు. డెబిట్ నోట్ రాసే ముందే ఒక ఈమెయిల్‌తో తేల్చుకోవడం మేలు. ఈ ఉదాహరణలో రవాణాను వదిలేసి 16,992తోనే ముందుకు వెళ్దాం.

డెబిట్ నోట్ మీద ఏముండాలంటే: దాని సొంత నంబరు, తేదీ, ఇద్దరి జీఎస్టీ నంబర్లు, మూల ఇన్వాయిస్ నంబరు, తేదీ, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, పరిమాణం, డిస్కౌంట్ పోయిన ధర, పన్ను విడివిడిగా, తిరస్కరణకు కారణం, రిజెక్షన్ మెమో నంబరు. మూల ఇన్వాయిస్ నంబరు లేకపోతే సరఫరాదారు ఏ ఇన్వాయిస్ మీద క్రెడిట్ ఇవ్వాలో ఊహించుకోవాల్సి వస్తుంది. అతను వేరే ఇన్వాయిస్‌కు తగిలిస్తే మన సరిపోల్చుడు చెడుతుంది. పన్ను రేటు కూడా మూల ఇన్వాయిస్‌దే ఉండాలి. మధ్యలో రేటు మారినా సరే, వెనక్కి ఇస్తున్నది పాత పన్నునే.

పుస్తకాల్లో ఎంట్రీ ఇలా ఉంటుంది:

```
సరఫరాదారు ఖాతా        డెబిట్   16,992
  కొనుగోలు వాపసు       క్రెడిట్  14,400
  ఇన్‌పుట్ సీజీఎస్టీ      క్రెడిట్   1,296
  ఇన్‌పుట్ ఎస్జీఎస్టీ     క్రెడిట్   1,296
```

కొనుగోలు వాపసును విడి లెడ్జర్‌గా ఉంచితే ఏ సరఫరాదారు సరుకు ఎంత తిరిగి వెళ్తోందో ఏడాది చివర ఒక్క చూపులో తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ విషయంలో ఒక్కటి చూసుకోవాలి. టాలీప్రైమ్‌లో డెబిట్ నోట్ Alt+F5తో తెరుచుకుంటుంది, అది కొనుగోలు వైపు లెక్కలోకే వెళ్తుంది. కొన్ని ప్యాకేజీల్లో మాత్రం డెబిట్ నోట్ అనగానే దాన్ని మన GSTR-1లో 9B పట్టికకు నెట్టేస్తాయి. అలా వెళ్తే మనమే ఎవరికో అదనపు పన్ను వేసినట్టు మన మీద బాధ్యత పడుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో మొదటి వాపసు ఎంట్రీ చేశాక GSTR-1 ప్రివ్యూ తెరిచి ఈ నోట్ అక్కడ లేదని చూసుకోవాలి.

సరుకు వెళ్లే దారి

తిరిగి పంపే సరుకుతో డెలివరీ చలాన్ వెళ్లాలి, డెబిట్ నోట్ కాపీ దానికి జత చేయాలి. చలాన్ మూడు కాపీలు: అందుకునేవారికి ఒకటి, రవాణాదారుకు ఒకటి, పంపేవారికి ఒకటి. సరుకు విలువ పన్నుతో కలిపి 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్ కావాలి. రాష్ట్రం లోపల రవాణాకు కొన్ని రాష్ట్రాలు వేరే పరిమితి పెట్టాయి. మన 16,992కి దాని అవసరం రాదు. అవసరమైనప్పుడు మనమే తయారు చేస్తే పత్రం రకం డెలివరీ చలాన్‌గా పెట్టాలి. సరఫరాదారు తయారు చేస్తే ఇన్‌వర్డ్ కింద Sales Return అన్న వీలుంది.

సరఫరాదారు సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై ఉంటే రిజెక్షన్ మెమో తేదీకి ఇంకో విలువ ఉంది. ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సరుకు చేరిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, చెల్లింపు గడువు ఆ అభ్యంతరం తీరిన రోజు నుంచి లెక్కకు వస్తుంది. ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే సరుకును మొదటి రోజే అంగీకరించినట్టు అవుతుంది.

పన్ను ఏ నెలలో, ఎన్నిసార్లు తగ్గించాలి

ఇక అసలు ముడి. సరఫరాదారు నవంబర్ GSTR-1ను డిసెంబర్ 11లోగా వేస్తాడు, మన నవంబర్ GSTR-2Bలో 22,050 కనిపిస్తుంది. క్రెడిట్ నోట్ ఆయన ఇచ్చింది డిసెంబర్ 9న. అది డిసెంబర్ నెల పత్రం కాబట్టి జనవరి 11లోగా వేసే డిసెంబర్ GSTR-1లోనే వస్తుంది. అంటే డిసెంబర్ 20న మనం పన్ను లెక్క తేల్చే నవంబర్ రిటర్న్ GSTR-3B వేసేటప్పటికి పోర్టల్‌కు వాపసు సంగతి తెలియదు. కానీ మన పుస్తకాల్లో నవంబర్ 29నే డెబిట్ నోట్ ఉంది. 60 బేరింగులకు మనం డబ్బు ఇవ్వబోవడం లేదని మనకు తెలుసు.

ఇలాంటప్పుడు చేయాల్సింది ఇది: GSTR-3Bలో క్రెడిట్ తీసుకునే గడి 4(A)(5) వద్ద 22,050 పూర్తిగా చూపి, తిరస్కరించిన సరుకు మీది 2,592ను 4(B)(2)లో రివర్స్ చేయడం. నికరంగా మన క్రెడిట్ 19,458. మొదటే 19,458 అని 4(A)(5)లో కుదించి రాయకూడదు. అలా రాస్తే GSTR-2Bతో తేడా ఎందుకు వచ్చిందో తర్వాత చూసేవారికి ఆనవాలు ఉండదు. 4(B)(2) అనేది తాత్కాలిక రివర్సల్‌కు కేటాయించిన గడి, క్రెడిట్ నోట్ వచ్చేదాకా మన పరిస్థితి అదే. 4(B)(1) శాశ్వత రివర్సల్‌కు, ఉదాహరణకు క్రెడిట్ దక్కని కొనుగోళ్లను చెప్పే 17(5) సెక్షన్ కింద వచ్చేవాటికి.

జనవరిలో కథ మారుతుంది. డిసెంబర్ క్రెడిట్ నోట్ మన ఐఎంఎస్‌లో, అంటే పోర్టల్‌లోని ఇన్వాయిస్ నిర్వహణ వేదికలో కనిపిస్తుంది. మనం ఏమీ చేయకుండా వదిలేసినా దాన్ని అంగీకరించినట్టే లెక్క. అప్పుడు GSTR-2B ఆ 2,592ను డిసెంబర్ క్రెడిట్‌లోంచి తీసేసి, మిగిలినదే 4(A)(5)లో నింపుతుంది. మనం నవంబర్‌లో ఇప్పటికే 2,592 వదులుకున్నాం. ఇప్పుడు మళ్లీ 2,592 పోయింది. ఒకే సరుకు మీద 5,184 కోల్పోయాం. ఎవరూ నోటీసు ఇవ్వరు, ఎందుకంటే నష్టపోయింది మనమే. ఏడాది చివర ఇన్‌పుట్ లెడ్జర్‌కూ ఎలక్ట్రానిక్ క్రెడిట్ లెడ్జర్‌కూ మధ్య తేడా తేలినప్పుడు మాత్రమే బయటపడుతుంది.

దీనికి రెండు దారులున్నాయి, రెంటిలో ఒకటే ఎంచుకోవాలి. మొదటిది: క్రెడిట్ నోట్‌ను అంగీకరించి, 2,592 దాని ద్వారానే తగ్గనిచ్చి, నవంబర్‌లో 4(B)(2)లో పెట్టిన 2,592ను డిసెంబర్ GSTR-3Bలో 4(A)(5)లో తిరిగి తీసుకుంటూ, అదే మొత్తాన్ని 4(D)(1)లో చూపడం. ఆ నెల నికర ప్రభావం సున్నా. రెండోది: 2025 అక్టోబర్ పన్ను కాలం నుంచి ఐఎంఎస్‌లో క్రెడిట్ నోట్‌ను అంగీకరిస్తూనే, ఐటీసీ తగ్గించాలా, తగ్గిస్తే ఎంత అని మనమే ప్రకటించే వీలు వచ్చింది. ఇప్పటికే రివర్స్ చేశాం కాబట్టి తగ్గించాల్సింది లేదని ప్రకటించవచ్చు.

ఈ రెంటిలో మొదటిదే శుభ్రమైన పద్ధతి. కారణం, పోర్టల్ 4(B)(2) రివర్సల్స్‌ను, 4(D)(1)లో తిరిగి తీసుకున్నవాటిని ఒక స్టేట్‌మెంట్‌లో జమ కడుతూ ఉంటుంది. రెండో దారిలో ఆ స్టేట్‌మెంట్‌లో 2,592 ఎప్పటికీ మిగిలిపోతుంది. ఏడాది తర్వాత వచ్చిన కొత్త అకౌంటెంట్ అది తిరిగి తీసుకోవాల్సిన మొత్తమనుకుని క్లెయిమ్ చేస్తే, అది హక్కు లేని క్రెడిట్ అవుతుంది. రెండో దారే ఎంచుకుంటే ఆ బాకీ ఎందుకుందో, దాన్ని ఎప్పుడూ తిరిగి తీసుకోకూడదని ఫైల్‌లో రాసి పెట్టాలి.

క్రెడిట్ నోట్ డెబిట్ నోట్ ఉన్న నెలలోనే వస్తే ఈ తతంగమంతా ఉండదు. 4(B)(2)లో ఏమీ రాయకుండా, క్రెడిట్ నోట్ తానుగా 4(A)(5)ను తగ్గించేదాకా ఊరుకోవడమే సరైనది. కాబట్టి నెలాఖరున తిరస్కరణ వస్తే సరఫరాదారుతో మాట్లాడి క్రెడిట్ నోట్‌ను అదే నెల తేదీతో వేయించుకోగలిగితే సగం పని తప్పుతుంది.

ఇక్కడ సరఫరాదారు వైపు నుంచి కూడా చూడాలి. 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, కొనుగోలుదారు తీసుకున్న ఐటీసీని రివర్స్ చేయకపోతే సరఫరాదారు ఆ క్రెడిట్ నోట్‌తో తన పన్ను బాధ్యతను తగ్గించుకోలేడు. మనం ఐఎంఎస్‌లో ఆ నోట్‌ను తిరస్కరిస్తే ఆ పన్ను మొత్తం ఆయన తర్వాతి GSTR-3Bలో తిరిగి కలుస్తుంది. అంకె కలవలేదన్న కోపంతో తిరస్కరించడం అందుకే పొరపాటు. క్రెడిట్ నోట్‌ను ఒక పన్ను కాలం వరకు పెండింగ్‌లో ఉంచే వెసులుబాటు ఉంది. ఆ సమయంలో ఆయనతో మాట్లాడి నోట్‌ను సవరింపజేయవచ్చు.

అంకెలు కలవనప్పుడు

సరఫరాదారు 60లో 48 మాత్రమే లోపమని ఒప్పుకున్నాడనుకుందాం. ఆయన క్రెడిట్ నోట్ 48 × 240 = 11,520, పన్ను 2,073.60, మొత్తం 13,593.60. మన డెబిట్ నోట్ మాత్రం 16,992. మిగిలిన 12 బేరింగులు ఆయన దగ్గరే ఉన్నాయా, మన దగ్గరకు తిరిగి వచ్చాయా అన్నది ముందు తేలాలి. తిరిగి వస్తే మన డెబిట్ నోట్‌లో ఆ 12 మేరకు సవరణ ఎంట్రీ వేసి, స్టాక్‌లో కలిపి, వాటి మీద రివర్స్ చేసిన 518.40 ఐటీసీని 4(A)(5), 4(D)(1) ద్వారా తిరిగి తీసుకోవాలి. సరుకు ఆయన దగ్గరే ఉండి క్రెడిట్ మాత్రం ఇవ్వకపోతే ఆ మొత్తం వివాదమే, దాన్ని విడి లెడ్జర్‌లో పెట్టి వెంటపడాలి. 3,398.40 తేడాను ఏడాది చివర రౌండ్ ఆఫ్‌లోకి తోసేయడం మాత్రం ఎప్పుడూ పనికిరాదు.

సరఫరాదారు అసలు క్రెడిట్ నోటే ఇవ్వకపోతే 180 రోజుల నిబంధన గుర్తుంచుకోవాలి. ఇన్వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో విలువ, పన్ను చెల్లించకపోతే చెల్లించని భాగానికి సరిపడా ఐటీసీని వడ్డీతో రివర్స్ చేయాలని 37వ నిబంధన. మనం 1,44,550లో 16,992 పట్టుకుని 1,27,558 ఇచ్చాం. చట్టం దృష్టిలో అది చెల్లించని భాగమే. 2,592 ముందే రివర్స్ చేసి ఉంటే ఈ ప్రశ్నకు మన దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది.

క్రెడిట్ నోట్‌కు గడువు కూడా ఉంది. ఇన్వాయిస్ ఏ ఆర్థిక సంవత్సరానిదో దాని తర్వాతి నవంబర్ 30, లేదా సరఫరాదారు వార్షిక రిటర్న్ వేసిన తేదీ, ఏది ముందైతే అది. మన ఇన్వాయిస్ 2025-26ది కాబట్టి 2026 నవంబర్ 30. ఆ తర్వాత ఆయన పన్ను లేని వాణిజ్య క్రెడిట్ నోట్ మాత్రమే ఇవ్వగలడు. అది సరుకు విలువను సర్దుతుంది కానీ పన్నును సర్దదు. వాపసు ఆలస్యంగా జరుగుతుంటే ఇంకో దారి ఉంది. సరుకు తిరిగి పంపడాన్ని మన తాజా సరఫరాగా చూపి, మనమే పన్ను ఇన్వాయిస్ వేయడం. 14,400 మీద 2,592 మన GSTR-1లో బాధ్యతగా చూపి చెల్లిస్తాం, ఆయన తన ఐటీసీ తీసుకుంటాడు. కాలం చెల్లిన మందుల వాపసుపై 2018లో ఇచ్చిన 72వ సర్క్యులర్ ఈ పద్ధతిని వివరించింది, ఇతర కారణాలతో జరిగే వాపసులకూ అది వర్తించవచ్చని చెప్పింది. ఈ దారిలో వెళ్తే డెబిట్ నోట్ వద్దు, 4(B)(2) రివర్సల్ కూడా వద్దు. అప్పటికే రివర్స్ చేసి ఉంటే ముందు దాన్ని తిరిగి తీసుకుని, తర్వాత ఇన్వాయిస్ వేయాలి. లేకపోతే మళ్లీ అదే రెండుసార్ల కోత.

నెల నెలా చూసుకోవడానికి ఒక చిన్న పట్టిక చాలు. ప్రతి డెబిట్ నోట్‌కు ఒక వరుస: నోట్ నంబరు, మూల ఇన్వాయిస్, పన్ను మొత్తం, 4(B)(2)లో రివర్స్ చేసిన నెల, సరఫరాదారు క్రెడిట్ నోట్ నంబరు, అది GSTR-2Bలో కనిపించిన నెల, 4(D)(1)లో తిరిగి తీసుకున్న నెల. GSTR-3B వేసే ముందు ఈ పట్టిక తెరిచి, రివర్స్ చేసిన నెల నిండి ఉండి క్రెడిట్ నోట్ గడి ఖాళీగా ఉన్న వరుసల సరఫరాదారులకు గుర్తుచేయాలి. క్రెడిట్ నోట్ వచ్చి కూడా చివరి గడి ఖాళీగా ఉన్న వరుస ఏదైనా ఉంటే, అక్కడ పన్ను రెండుసార్లు తగ్గిపోయి ఉందేమో ఆ నెలే చూసుకోవాలి.